సహాధ్యాయులను మర్యాదగా సమర్థించి ఊరుకున్న టోఫెల్ డిస్కషన్ పోస్టుకు స్కోరు ఎలా వేయాలి

టోఫెల్ శిక్షణ ఇచ్చే ఉపాధ్యాయులూ, సొంతంగా సిద్ధమవుతూ ఒకరి రాతలు ఒకరు దిద్దుకునే విద్యార్థులూ పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. అకడమిక్ డిస్కషన్ టాస్కులో ఒక పోస్టు ఉంటుంది. దానిలో ఇంగ్లీషు శుభ్రంగా ఉంటుంది, మాటలు 100 దాటుతాయి, ఇద్దరు సహాధ్యాయుల పేర్లూ గౌరవంగా ప్రస్తావనకు వస్తాయి, చివర ఒక పక్షం ఎంచుకోవడం కూడా జరుగుతుంది. అయితే రాసిన విద్యార్థి తనదంటూ ఒక్క కారణం గానీ ఒక్క ఉదాహరణ గానీ ఇవ్వడు. దీనికి 4 వేయాలా, 3 వేయాలా, లేక 2 వేయాలా? ఇలాంటి పోస్టునే ఒకసారి నేనూ, నాతో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలూ విడివిడిగా దిద్దాము. భాష బాగుందని నేను 4 వేశాను. సొంత ఆలోచన లేదని ఆమె 2 వేశారు. ఏ స్కోరుకు ఏం ఉండాలో చెప్పే రూబ్రిక్ ముందు పెట్టుకుని కూర్చుంటే ఇద్దరమూ పొరబడ్డామని తేలింది. అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాను.

ముందుగా టాస్కు గురించి అవసరమైనంత మాత్రం చెప్పుకుందాం. 2023 జూలైలో పాత ఇండిపెండెంట్ వ్యాసం స్థానంలో ఈ టాస్కు వచ్చింది. 2026 జనవరిలో పరీక్ష రూపం మారినప్పుడు కూడా ఇది రైటింగ్ విభాగంలో కొనసాగింది. తెర మీద ప్రొఫెసర్ ప్రశ్న, దాని కింద ఇద్దరు విద్యార్థుల జవాబులు కనిపిస్తాయి. 10 నిమిషాలలో మీ పోస్టు రాయాలి. మంచి జవాబులో కనీసం 100 మాటలు ఉంటాయని సూచనలోనే ఉంటుంది. పోస్టుకు 0 నుంచి 5 వరకు స్కోరు వేస్తారు. సూచనలో అడిగేవి రెండే: మీ అభిప్రాయాన్ని చెప్పి దానికి ఆధారం చూపడం, చర్చకు మీ సొంత మాటలలో ఏదైనా జోడించడం. మన సమస్య ఈ రెండవ దాని దగ్గరే మొదలవుతుంది.

కావలసినవి

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ ప్రచురించిన అకడమిక్ డిస్కషన్ రూబ్రిక్ ప్రతి ఒకటి, ప్రశ్నతో పాటు ఇద్దరు సహాధ్యాయుల జవాబులు ఉన్న కాగితం, విద్యార్థి పోస్టు, రెండు రంగుల పెన్నులు, ఒక తెల్ల కాగితం ఉంటే చాలు. ఈటీఎస్ తన సాధన సామగ్రిలో స్కోర్లతో సహా ఇచ్చిన నమూనా జవాబులు దగ్గర ఉంటే చివరి తనిఖీకి చాలా ఉపయోగపడతాయి.

మనం దిద్దబోయే పోస్టు

పద్ధతిని చూపడానికి నేను తయారు చేసుకున్న ఒక ప్రశ్నను తీసుకుందాం. ఒక నగరం దగ్గర కొంత డబ్బు ఉంది. ఆ డబ్బుతో సిటీ బస్సులలో అందరికీ ఉచిత ప్రయాణం కల్పించాలా, లేక బస్సుల సంఖ్య పెంచి అవి తరచుగా వచ్చేలా చేయాలా అని ప్రొఫెసర్ అడిగారు. ఉచితం చేస్తే పేద కుటుంబాలకు రోజువారీ ప్రయాణ ఖర్చు మిగులుతుందని, రోడ్డు మీద కార్లు తగ్గుతాయని కెల్లీ రాసింది. జనం బస్సు ఎక్కకపోవడానికి కారణం టికెట్ ధర కాదని, స్టాపులో చాలాసేపు నిలబడాల్సి రావడమేనని, బస్సులు తరచుగా వస్తే ఉద్యోగులు వాటిని నమ్ముకుంటారని పాల్ రాశాడు.

విద్యార్థి ఇంగ్లీషులో రాసిన పోస్టులో 8 వాక్యాలు, 122 మాటలు ఉన్నాయి. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. వాటి భావం వరుసగా ఇది:

1. ఇది ఎంతో ఆసక్తికరమైన ప్రశ్న, కెల్లీ, పాల్ ఇద్దరూ చక్కటి విషయాలు చెప్పారు.
2. ఉచిత బస్సులు తక్కువ ఆదాయం ఉన్నవారికి మేలు చేస్తాయన్న కెల్లీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఎందుకంటే రోజూ ప్రయాణానికయ్యే డబ్బు వారికి మిగులుతుంది.
3. అదే సమయంలో, నిరీక్షణ సమయం ముఖ్యమన్న పాల్ అభిప్రాయాన్ని నిజంగా అభినందిస్తున్నాను.
4. అతను అన్నట్టు, ఎక్కువసేపు ఎదురుచూడాల్సి రావడం వల్ల చాలామంది బస్సు ఎక్కరు.
5. అయినా నా అభిప్రాయంలో కెల్లీ ఆలోచనే మెరుగైనది.
6. బస్సులు ఉచితమైతే ఆదాయం తక్కువ ఉన్నవారు లాభపడతారు, రోడ్డు మీద కార్లు తగ్గుతాయి.
7. అందువల్ల, పాల్ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, నగరం బస్సులను అందరికీ ఉచితం చేయాలని గట్టిగా నమ్ముతున్నాను.
8. మీ ఆలోచనలను పంచుకున్నందుకు మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.

మెట్టు 1: పోస్టు చదవకముందే, అప్పటికే వచ్చేసిన మాటల జాబితా రాయండి

విద్యార్థి పోస్టును పక్కన పెట్టి, ప్రశ్ననూ ఇద్దరి జవాబులనూ మాత్రమే చదవండి. వాటిలో ఉన్న ప్రతి కారణాన్నీ తెల్ల కాగితం మీద ఒక్కో ముక్కగా రాయండి. మన ఉదాహరణలో జాబితా నాలుగు ముక్కలే: పేదలకు ఖర్చు మిగలడం, కార్లు తగ్గడం, నిరీక్షణ జనాన్ని దూరం చేయడం, తరచుగా వస్తే ఉద్యోగులు నమ్ముకోవడం.

చాలామంది ఈ మెట్టును దాటవేసి నేరుగా పోస్టులోకి వెళతారు. అలా వెళితే, కెల్లీ చెప్పిన కారణం విద్యార్థి నోట మరింత అందంగా వచ్చినప్పుడు అది విద్యార్థిదేనని అనిపిస్తుంది. నేను 4 వేయడానికి అసలు కారణం ఇదే.

మెట్టు 2: భాషకు సంబంధించిన అంచనాను విడిగా రాసుకోండి

ఇప్పుడు పోస్టును ఒకసారి ఆగకుండా చదివి, భాష గురించి ఒకే ఒక వాక్యం రాసుకోండి. ఈ పోస్టు విషయంలో నేను రాసేది ఇలా ఉంటుంది: ‘తప్పులు లేవు, వాక్య నిర్మాణంలో కొంత వైవిధ్యం ఉంది, పదజాలం సాధారణం, సులువుగా అర్థమవుతుంది.’ ఈ వాక్యాన్ని అక్కడితో వదిలేయండి. భాష స్థాయినీ విషయ స్థాయినీ ఒకేసారి కొలవబోతే రెండింటిలో ఒకటి మరొకదాన్ని లాగేస్తుంది.

మెట్టు 3: మర్యాద వాక్యాలను ఒక రంగుతో గీయండి

మెచ్చుకోలు, కృతజ్ఞత, గౌరవ ప్రకటన మాత్రమే ఉన్న చోట్లను ఒక రంగుతో గుర్తించండి. ఒకటవ వాక్యం, ఎనిమిదవ వాక్యం మొత్తంగా వెళ్లిపోతాయి. వాటిలో 22 మాటలున్నాయి కాబట్టి 100 మిగులుతాయి. మూడవ వాక్యంలోని అభినందన, ఏడవ వాక్యంలోని గౌరవం కూడా ఇదే రంగులోకి వస్తాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఈ వాక్యాలు ఉన్నందుకు మార్కు కోయకండి. డిస్కషన్ రూబ్రిక్‌లో మర్యాదకు స్కోరూ లేదు, శిక్షా లేదు. సహాధ్యాయుల పేర్లు ప్రస్తావించాలన్న నిబంధన కూడా లేదు. కొత్త రూపంలో వచ్చిన ఈమెయిల్ టాస్కులో మర్యాద, సంబోధన తీరు పరిగణనలోకి వస్తాయి. ఆ అలవాటుతోనే కొందరు విద్యార్థులు డిస్కషన్ పోస్టులో కూడా కృతజ్ఞతలు పేరుస్తున్నారు, కొందరు ఉపాధ్యాయులు వాటికి స్కోరు కలుపుతున్నారు. ఇవి రెండూ వేర్వేరు టాస్కులు.

రెండవది, మిగిలిన మాటలు 100 కంటే తగ్గాయని యాంత్రికంగా స్కోరు తగ్గించకండి. మాటల లెక్క ఒక సూచన మాత్రమే. మర్యాదకు ఎంత చోటు పోయిందో మీకు కనిపించడం కోసమే ఈ గీత గీస్తున్నాము.

మెట్టు 4: మిగిలిన దాన్ని తెలుగులో చెప్పి చూడండి

ఈ పద్ధతికంతటికీ ప్రాణం ఈ మెట్టులోనే ఉంది. పోస్టును మూసేసి, అందులో ఏముందో ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు తెలుగులో చెప్పండి. ఇంగ్లీషులో ‘ఐ కంప్లీట్లీ అగ్రీ’, ‘ఐ స్ట్రాంగ్లీ బిలీవ్’, ‘ఎట్ ద సేమ్ టైమ్’ వంటి పలుకుబడులు మన చెవికి చదువుకున్న మాటలుగా వినిపిస్తాయి, వాటి నునుపు కింద విషయం ఎంత పలుచగా ఉందో కనిపించదు. తెలుగులో చెప్పబోయేసరికి ఆ నునుపు జారిపోయి విషయం ఒక్కటే మిగులుతుంది.

ఈ పోస్టును నేను చెబితే ఇంతే వస్తుంది: ‘బస్సులు ఫ్రీ చేస్తే పేదవాళ్లకు డబ్బు మిగులుతుంది, కార్లు తగ్గుతాయి. స్టాపులో నిలబడటం కూడా సమస్యే. అయినా ఫ్రీ చేయడమే మేలు.’ ఎనిమిది వాక్యాలు మూడుకు దిగాయి. ఇప్పుడు ఒక్కో ముక్కనూ మెట్టు 1లో రాసిన జాబితాతో సరిచూడండి. డబ్బు మిగలడం, కార్లు తగ్గడం కెల్లీవి, నిలబడటం పాల్‌ది. జాబితాలో లేనిది ‘ఫ్రీయే మేలు’ అన్న తీర్పు ఒక్కటే. ఆ తీర్పు విద్యార్థిదే గానీ, దానికి అతను చూపిన ఆధారం అరువు తెచ్చుకున్నది.

రెండవ వాక్యంలోని ‘ఎందుకంటే’ దగ్గర మరోసారి ఆగండి. ‘ఎందుకంటే’ అన్న మాట కనబడగానే వివరణ ఉందని అనుకోవడం సహజం. కానీ దాని తరువాత వచ్చింది కెల్లీ ఇచ్చిన కారణమే. ఆరవ వాక్యం కూడా అంతే, కెల్లీ కారణాలనే మాటలు మార్చి తిరిగి చెప్పింది. మాట మారినంత మాత్రాన వివరణ పెరగదు.

మెట్టు 5: మిగిలిన ముక్కకు వివరణ ఉందో లేదో చూడండి

రెండవ రంగు పెన్ను ఇప్పుడు తీయండి. జాబితాలో లేనివి ఏమైనా మిగిలి ఉంటే వాటి కింద గీయండి: కొత్త కారణం, సొంత అనుభవం, ఒక షరతు, ఒక పర్యవసానం, ఎదుటి వాదానికి జవాబు. ఈ పోస్టులో రెండవ రంగుకు ఐదవ వాక్యం, ఏడవ వాక్యంలోని సగం తప్ప పని దొరకదు, అవి రెండూ ఒకే తీర్పును చెబుతున్నాయి.

అయితే ఇక్కడ న్యాయంగా ఉండాలి. రూబ్రిక్‌లో ‘కొత్త ఆలోచన’ అన్న నిబంధన ఎక్కడా లేదు. అది అడిగేది చర్చకు సంబంధించిన, స్పష్టమైన చేర్పు, దానికి తగిన వివరణ, ఉదాహరణ లేదా వివరాలు. కాబట్టి కెల్లీ కారణాన్నే తీసుకుని, దాన్ని సొంత ఉదాహరణతో విప్పి చెప్పిన పోస్టుకు 5 కూడా రావచ్చు. ఏకీభవించడం తప్పు కాదు. ఏకీభవించి అక్కడే ఆగిపోవడం వల్లే వివరణ లోపిస్తుంది. దీనికి ఎదురు కేసు కూడా ఉంది. అదే విద్యార్థి చివర ‘ఇది పర్యావరణానికి కూడా మంచిది’ అని ఒక్క ముక్క కలిపితే అది జాబితాలో లేని ఆలోచనే, కానీ ఎలా మంచిదో చెప్పలేదు. నేను దానికి స్కోరు మార్చను.

మెట్టు 6: 3 దగ్గర మొదలుపెట్టి పైకీ కిందికీ ప్రయత్నించండి

రూబ్రిక్‌లో 3కి ఉన్న వర్ణన, విషయం చాలావరకు సంబంధితంగా, అర్థమయ్యేలా ఉండి, వివరణలో గానీ ఉదాహరణలో గానీ కొంత భాగం లోపించడం, అస్పష్టంగా ఉండడం లేదా సంబంధం లేకపోవడం. మన పోస్టులో లోపించింది సరిగ్గా ఆ భాగమే. అందుకే 3 దగ్గర నిలబడి రెండు వైపులా చూడాలి.

పైకి చూస్తే, 4కు తగినంత వివరణ ఉండాలి. ఈ పోస్టు నుంచి కెల్లీ, పాల్ చెప్పినవి తీసేస్తే వివరణ అన్నదే మిగలదు. భాష 4 స్థాయిలో ఉన్నా విషయం అక్కడికి చేరదు. భాష కోసం స్కోరును పైకి లాగాలనిపిస్తే మెట్టు 2లో రాసుకున్న వాక్యాన్ని మళ్లీ చదవండి. ‘పదజాలం సాధారణం’ అని మీరే రాసుకున్నారు. అరువు భావాలతో రాసేటప్పుడు పదాలు కూడా ప్రశ్నలో ఉన్నవే ఎక్కువగా వస్తాయి కాబట్టి, విషయం పలుచబడిన చోట భాషా పరిధి కూడా కుంచించుకుపోతుంది.

కిందికి చూస్తే, 2కు వర్ణనలో పలుచని వివరణ ప్రస్తావన కూడా ఉంది గానీ, దానితో పాటు భాషా పరిమితుల వల్ల భావం అందడం కష్టం కావడం, తప్పులు పేరుకుపోవడం ఉంటాయి. ఈ భాషా లోపాలేవీ ఇక్కడ లేవు. 1లో ప్రశ్నలోని మాటలనే అరువు తెచ్చుకోవడం గురించి ఉంటుంది, దాన్ని చూసి కొందరు ఇలాంటి పోస్టును అట్టడుగుకు తోసేస్తారు. ఆ వర్ణన మాటలను ఎత్తిరాసిన పోస్టు గురించి, సొంత ఇంగ్లీషు దాదాపు లేని రాత గురించి. మన విద్యార్థి భావాన్ని అరువు తెచ్చుకున్నాడు గానీ వాక్యాలు తానే కట్టుకున్నాడు. మొత్తం ఎత్తిరాస్తే 0.

కాబట్టి ఈ పోస్టుకు నేను వేసే స్కోరు 3. మూడు సందర్భాలలో మాత్రం తీర్పు మారుతుంది. విద్యార్థి ఏ పక్షమూ ఎంచుకోకుండా ఇద్దరూ సరైనవారేనని ముగిస్తే 3 మీద కూడా నాకు సందేహం వస్తుంది, భాష బలంగా ఉంటేనే అక్కడ నిలుపుతాను. వరుసగా నాలుగైదు మాటలు ప్రశ్నలోవే కనిపిస్తే, వాటిని తీసేసి మిగిలిన దాన్ని మాత్రమే దిద్దుతాను. ఎదుటి వాదానికి ఒక్క సొంత జవాబైనా వివరంగా ఉంటే 4 వైపు వెళతాను.

మెట్టు 7: స్కోరును తనిఖీ చేయండి

మొదటి తనిఖీ: కెల్లీ, పాల్ జవాబులు మాత్రమే చదివిన ఒక మనిషికి ఈ పోస్టును ఇచ్చి, దీని వల్ల కొత్తగా ఏం తెలిసిందని అడగండి. ‘ఇతను ఎవరి పక్షమో తెలిసింది’ అన్న జవాబు తప్ప వేరేది రాకపోతే మీ తీర్పు సరైనదే. వేరే జవాబు వస్తే, మీరు ఏదో ముక్కను పొరపాటున జాబితాలో కలిపేశారు. మెట్టు 4కు తిరిగి వెళ్లండి.

రెండవ తనిఖీ: ఇంకొకరి చేత విడిగా దిద్దించండి. మీ స్కోరు వారికి ముందుగా చెప్పవద్దు. తేడా ఒక్క పాయింటు అయితే రూబ్రిక్ మాటలను ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుంటే సరిపోతుంది. రెండు పాయింట్లు వచ్చిందంటే, మేము మొదట పొరబడినట్టే, ఒకరు భాషను మాత్రమే, మరొకరు ఆలోచనను మాత్రమే కొలిచి ఉంటారు. తోడు దొరకనివారు రెండు రోజుల తరువాత, మొదటి స్కోరు చూడకుండా, మళ్లీ దిద్దుకోవచ్చు.

మూడవ తనిఖీగా, ఈటీఎస్ స్కోర్లతో ఇచ్చిన నమూనాలలో 3 వచ్చినదాన్నీ 4 వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి, మీ చేతిలోని పోస్టు దేనికి దగ్గరగా ఉందో చూడండి. అసలు పరీక్షలో కంప్యూటర్ స్కోరింగ్ కూడా ఉంటుంది కాబట్టి, మీరు వేసిన 3ను తుది విభాగపు స్కోరుగా మార్చి విద్యార్థికి మాట ఇవ్వకండి.

మెట్టు 8: విద్యార్థికి ఏం మార్చాలో ఒక చోట చూపండి

‘సొంత ఆలోచన రాయండి’ అని మార్జిన్‌లో రాస్తే విద్యార్థికి ఏమీ అందదు. 10 నిమిషాలలో కొత్త సిద్ధాంతం ఎవరికీ తట్టదు. ఒకటవ, ఎనిమిదవ వాక్యాలను కొట్టేసి, ఆ 22 మాటల చోటును, దానితో పాటు ఆరవ వాక్యం చోటును కూడా అతని చేతికి ఇవ్వండి. తరువాత ఒకే ప్రశ్న అడగండి: ‘పాల్ చెప్పిన ఇబ్బందికి నీ పక్షం ఏం జవాబు చెబుతుంది?’

హైదరాబాదులో చదువుకున్న ఒక విద్యార్థిని ఇలా అడిగితే, అతను కొంచెంసేపు ఆలోచించి తన ఇంటి సంగతి చెప్పాడు. తెలంగాణలో 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అంతకుముందు వాళ్ల అమ్మగారు కూరగాయలకు వీధి చివర బండి దగ్గరికే వెళ్లేవారట. ఇప్పుడు బస్సెక్కి రైతుబజారుకు వెళుతున్నారు, బస్సు కోసం నిలబడాల్సి వచ్చినా వెళుతున్నారు, ఎందుకంటే ఆవిడ లెక్కలో ఆ నిరీక్షణ కంటే మిగిలిన డబ్బే ఎక్కువ. ఈ మాటలను అతను అప్పటికప్పుడు ఇంగ్లీషులో మూడు వాక్యాలుగా పెట్టాడు. నిరీక్షణ అందరికీ ఒకేలా అడ్డు కాదని, తక్కువ ఆదాయం ఉన్నవారికి ధరే మొదటి అడ్డు అని, అందుకు తన తల్లి ఉదాహరణ అని రాశాడు.

ఆ మూడు వాక్యాలు చేరాక మెట్టు 4 మళ్లీ చేసి చూడండి. తెలుగులో చెప్పినప్పుడు జాబితాలో లేని ముక్కలు రెండు మిగులుతాయి: నిరీక్షణ ఎవరికి అడ్డో ఎవరికి కాదో చెప్పే భేదం ఒకటి, దాన్ని చూపే ఉదాహరణ ఒకటి. పాల్‌కు ఇచ్చిన జవాబు కూడా అందులోనే ఉంది, అదీ ‘గౌరవిస్తున్నాను’ అన్న మాట అవసరం లేకుండానే. దీనికి నేను 4 వేస్తాను. ఆ మూడు వాక్యాలలో పదాలు కచ్చితంగా, సహజంగా పడితే 5 వేయడానికి కూడా వెనుకాడను.

విద్యార్థికి తిరిగి ఇచ్చే కాగితం మీద స్కోరు పక్కన మూడే విషయాలు రాయండి: కొట్టేసిన వాక్యాల సంఖ్యలు, అరువు ముక్కలు ఎవరివో వారి పేర్లు, మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్న. అతను దానికి నోటితో తెలుగులో జవాబు చెప్పగలిగిన తరువాతే మళ్లీ 10 నిమిషాలు పెట్టి, అదే ప్రశ్నకు కొత్త పోస్టు రాయించండి.